ఏడు నెలలకు మూడున్నర లక్షలు: పాలసీ మీద తీసుకోవాలా, షేర్ల మీదా, పర్సనల్ లోనా? ఒక కేసు లెక్క

విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, వయసు 46, చేతికొచ్చే జీతం నెలకు రూ.62,000. తండ్రికి 74 ఏళ్లు, రెండు మోకాళ్ల ఆపరేషన్‌కు ఆస్పత్రి చెప్పిన అంచనా రూ.3,50,000. ఆరోగ్య బీమా లేదు. ఆపరేషన్ అత్యవసరం కాదు కాబట్టి రెండు వారాలు ఆగొచ్చు, అంతకు మించి వాయిదా వేయడం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు.

తిరిగి కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే తెలుసు. భార్యాభర్తల పేర్ల మీద చెరో లక్షన్నరతో అయిదేళ్ల ట్యాక్స్ సేవింగ్ ఎఫ్‌డీలు ఉన్నాయి. ఏడు నెలల్లో గడువు తీరితే రెండూ కలిపి దాదాపు నాలుగు లక్షలు వస్తాయి. అయితే ఈ రకం ఎఫ్‌డీని మధ్యలో తీయనివ్వరు, దాని మీద అప్పూ ఇవ్వరు. బంగారం ముందే బ్యాంకులో తాకట్టులో ఉంది. చేబదులుగా లక్ష వరకు పుడుతుందేమో గానీ మూడున్నర లక్షలు పుట్టదు.

మిగిలిన దారులు మూడు. ఒకటి, పదహారేళ్లుగా ప్రీమియం కడుతున్న ఎల్ఐసీ ఎండోమెంట్ పాలసీ, బీమా మొత్తం పది లక్షలు. రెండు, డీమ్యాట్‌లో ఉన్న తొమ్మిది లక్షల విలువైన షేర్లు. మూడు, జీతం ఖాతా ఉన్న బ్యాంకు నుంచి ఫోన్‌లో కనిపిస్తున్న ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్. అతను మొదట మొగ్గింది మూడో దాని వైపే. పది నిమిషాల్లో ఖాతాలో పడుతుంది, ఏదీ తాకట్టు పెట్టక్కర్లేదు. వడ్డీ 14 శాతం, పాలసీ మీద 9.5 శాతం. "నాలుగున్నర శాతం తేడాకి ఏడు నెలల్లో ఎంతవుతుంది సార్, తొమ్మిది వేలు. ఆ తలనొప్పికి అది ఎక్కువేం కాదు" అన్నాడు. ఆ తొమ్మిది వేల లెక్క తప్పు. ఎందుకు తప్పో చూడటానికే ఈ కేసు రాస్తున్నది.

పర్సనల్ లోన్‌కు నిజంగా అయ్యే ఖర్చు

ఆఫర్ ఇది: రూ.3,50,000, 14 శాతం, 36 నెలలు, ఈఎంఐ రూ.11,962. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి రూ.8,260. దీన్ని ముందే కోసుకుంటారు కాబట్టి ఖాతాలో పడేది రూ.3,41,740 మాత్రమే. ఆస్పత్రికి పూర్తిగా మూడున్నర కావాలంటే ఆ తేడా ఇంకో చోట చూసుకోవాలి, లేదా లోన్ మొత్తాన్ని కాస్త పెంచుకోవాలి.

ముందే మూసేయడానికి షరతు ఉంది. ఆరు ఈఎంఐలు కట్టేదాకా మూయనివ్వరు. తర్వాత మూస్తే మిగిలిన అసలు మీద 4 శాతం, పైన జీఎస్టీ, అంటే 4.72 శాతం.

ఏడు ఈఎంఐలు కట్టాక మూస్తే లెక్క ఇలా వస్తుంది. కట్టిన ఈఎంఐల మొత్తం రూ.83,734. అందులో వడ్డీ రూ.26,615, అసలుకు పోయింది రూ.57,119. ఇంకా బాకీ రూ.2,92,881. దాన్ని మూయడానికి ఛార్జీ రూ.13,824. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, మూసివేత ఛార్జీ మూడూ కలిపితే రూ.48,699.

మన ఊళ్లలో వడ్డీ లెక్కించే పద్ధతిలో చెబితే విషయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఏడు నెలల్లో సగటున వాడుకున్న అసలు రూ.3,25,900 దాకా ఉంటుంది. దాని మీద దాదాపు 48,700 ఖర్చు అంటే ఏడాదికి 25.6 శాతం, నూటికి నెలకు రెండు రూపాయల పైన వడ్డీ. ప్రైవేటు ఫైనాన్స్‌లో రెండు రూపాయల వడ్డీ అంటే వెనక్కి తగ్గే మనిషి, అదే బ్యాంకు యాప్‌లో 14 శాతం అని కనిపిస్తే సరే అనేస్తాడు. ఫీజులు మారవు, నెలలు తగ్గిపోతాయి. 36 నెలల మీద పరుచుకోవాల్సిన ప్రాసెసింగ్ ఫీజు ఏడు నెలల మీదే పడుతుంది, మూసివేత ఛార్జీ దాని మీద అదనం. అప్పు ఎంత తక్కువ కాలమైతే అసలు రేటు అంత పెరుగుతుంది.

2024 అక్టోబర్ నుంచి రిటైల్ లోన్లకు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వడం తప్పనిసరి. అందులో ఏపీఆర్ అనే అంకె, అంటే వడ్డీకి ఫీజులు కూడా కలిపిన వార్షిక రేటు, ఉంటుంది. చాలామంది దాన్నే అంతిమ లెక్క అనుకుంటారు. కానీ ఏపీఆర్‌ను లోన్ గడువంతా కడతారన్న ఊహతో లెక్కిస్తారు. ముందే మూస్తే పడే ఛార్జీ అందులో కలవదు, అది అదే పత్రంలో వేరే గడిలో ఉంటుంది. తాత్కాలిక అవసరానికి చూడాల్సింది ముందుగా ఆ గడి. ఫ్లోటింగ్ రేటు లోన్లను వ్యాపారేతర అవసరాలకు తీసుకున్న వ్యక్తులు ముందే తీర్చితే ఛార్జీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. అయితే పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువే, కాబట్టి ఆ రక్షణ ఇక్కడ పనిచేయలేదు. మూసివేత ఛార్జీ లేని పర్సనల్ లోన్ దొరికితే ఇదే కేసులో ఖర్చు రూ.34,900 దగ్గరికి దిగేది. అందుకే బేరం ఆడాల్సింది వడ్డీ రేటు దగ్గర కాదు, ఈ ఛార్జీ దగ్గర.

షేర్ల మీద: రేటు బాగానే ఉంది, అంచు మీద నడవాలి

తొమ్మిది లక్షల షేర్లలో, అప్పిచ్చే ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ, తన ఆమోదిత జాబితాలో ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుంటుంది. చిన్న కంపెనీ ఒకటి జాబితాలో లేదు, దాని విలువ రూ.1,80,000. మిగిలింది రూ.7,20,000. ఎన్‌బీఎఫ్‌సీలు లిస్టెడ్ షేర్ల మీద వాటి విలువలో సగానికి మించి అప్పు ఉంచకూడదని 2014 ఆగస్టులో రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఇచ్చే రోజున మాత్రమే కాదు, అప్పు ఉన్నన్నాళ్లూ సగం దాటకూడదు. షేర్ల ధర పడి సగం దాటితే, ఆ లోటును ఏడు పనిదినాల్లో పూడ్చాలి.

కాబట్టి గరిష్ఠ పరిమితి రూ.3,60,000. అవసరం రూ.3,50,000. పైకి సరిపోయినట్టే కనిపిస్తుంది. ఇబ్బంది సరిగ్గా అక్కడే ఉంది. మార్కెట్ మూడు శాతం తగ్గితే చాలు, ఫోన్‌కు మెసేజ్ వస్తుంది.

పది శాతం పడితే షేర్ల విలువ రూ.6,48,000, పరిమితి రూ.3,24,000, లోటు రూ.26,000. నగదు కడితే రూ.26,000తో సరిపోతుంది. కట్టలేక షేర్లు అమ్మించుకుంటే మాత్రం రూ.52,000 విలువైనవి పోతాయి, ఎందుకంటే అమ్మిన ప్రతి రూపాయీ అప్పును తగ్గిస్తూనే తాకట్టును కూడా తగ్గిస్తుంది. ఈ రెట్టింపు సంగతి చాలామందికి అమ్మకం జరిగాక గానీ తెలియదు. ఇరవై శాతం పడితే నగదులో లోటు రూ.62,000, అమ్మకంలో రూ.1,24,000. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్క రోజులోనే 13.15 శాతం పడింది. ఇతని షేర్లూ అంతే పడ్డాయనుకుంటే ఆ సాయంత్రానికి లోటు రూ.37,000 దాటేది. అప్పిచ్చినవాళ్లు షేర్లు అమ్మినా, దాని మీద వచ్చే లాభానికి పన్ను కట్టాల్సింది షేర్ల యజమానే. కొన్ని అగ్రిమెంట్లలో, ధర ఒక స్థాయి కన్నా కిందికి పోతే గడువు కోసం చూడకుండా వెంటనే అమ్మే హక్కు రాసుకుంటారు. సంతకం ముందు చదవాల్సిన క్లాజు అది.

దీనికి పనికొచ్చే కొలత ఒకటుంది: దొరికే పరిమితిలో సగమే వాడుకోవడం. ఇక్కడైతే రూ.1,80,000. అప్పుడు షేర్లు సగానికి సగం పడేదాకా ఎవరూ ఫోన్ చేయరు. అంతకన్నా ఎక్కువ కావాల్సి వస్తే షేర్లు ఒక్కటే ఆధారం కాకూడదు.

షేర్ల దారికి ఉన్న మంచి గుణాలు కూడా చెప్పాలి. ఇది ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో వస్తుంది. వాడినంతకే, వాడిన రోజులకే వడ్డీ, నెలనెలా కట్టాలి. షేర్లు తన డీమ్యాట్‌లోనే ఉంటాయి, వాటి మీద ప్లెడ్జ్ గుర్తు మాత్రం పడుతుంది. డివిడెండ్ యజమానికే వస్తుంది. డీమ్యాట్ షేర్లను నమోదు చేసి ఉంచే సంస్థలైన ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి వచ్చే ఓటీపీతో తాకట్టు పూర్తవుతుంది, చాలా సందర్భాల్లో ఒకటి రెండు పనిదినాల్లో పరిమితి తెరుచుకుంటుంది. ఇక్కడ ఇచ్చిన రేటు 10.5 శాతం. ప్రాసెసింగ్, స్టాంపు, ఒక్కో కంపెనీకి ప్లెడ్జ్ ఛార్జీ, జీఎస్టీ అన్నీ కలిపి రూ.3,500. ఏడు నెలలకు మొత్తం వాడితే వడ్డీ రూ.21,438, అన్నీ కలిపి దాదాపు రూ.25,000.

షేర్లే అమ్మేయొచ్చు కదా అన్న ప్రశ్నకు కూడా లెక్క వేశాం. మూడున్నర లక్షల షేర్లు అమ్మితే అందులో లాభం రూ.2,40,000, ఏడాది దాటినవే. రూ.1,25,000 మినహాయించి మిగతా దాని మీద 12.5 శాతం, సెస్సు కలిపితే పన్ను రూ.14,950. అమ్మకుండా పాలసీ మీద అప్పు చేసి ఏడు నెలలు మోస్తే ఖర్చు రూ.19,400, అంటే మూడున్నర లక్షల మీద అయిదున్నర శాతం. షేర్లు ఆ ఏడు నెలల్లో అంతకన్నా పెరుగుతాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి అమ్మడం తెలివితక్కువ పని కాదు. ఇతను వద్దనుకున్నది, అమ్మాక ఎఫ్‌డీ డబ్బుతో మళ్లీ కొనడం తన వల్ల కాదని తనకే తెలుసు కాబట్టి. ఆ కారణం న్యాయమైనదే.

పాలసీ మీద: ఆరు నెలల నిబంధన

బ్రాంచిలో చెప్పిన సరెండర్ విలువ, అంటే పాలసీని ఇప్పుడే వదులుకుంటే చేతికొచ్చే సొమ్ము, రూ.5,20,000. ప్రీమియంలు సక్రమంగా కడుతున్న పాలసీ కాబట్టి అందులో 90 శాతం దాకా, అంటే రూ.4,68,000 అప్పు దొరుకుతుంది. బీమా మొత్తం పది లక్షలు కదా, తొమ్మిది లక్షలు ఇస్తారేమో అని వచ్చేవాళ్లు తరచూ ఉంటారు. కొలమానం సరెండర్ విలువ, బీమా మొత్తం కాదు. పాలసీ కొత్తదైతే ఆ విలువ చాలా తక్కువగా ఉంటుంది. టర్మ్ పాలసీకి అది అసలు ఉండదు. మార్కెట్‌తో ముడిపడిన బీమా పాలసీలైన యులిప్‌ల మీద పాలసీ లోన్ లేదు.

వడ్డీ 9.5 శాతం, ఆరు నెలలకోసారి కట్టాలి. ఈఎంఐ లేదు, సిబిల్ స్కోరు చూడరు, జీతం స్లిప్పు అడగరు. మూసివేత ఛార్జీ లేదు. అయితే ఒక షరతు ఉంది, తాత్కాలిక అవసరానికి అదే కీలకం: కనీసం ఆరు నెలల వడ్డీ కట్టాలి. రెండు నెలల్లోనే తీర్చేసినా ఆరు నెలల వడ్డీ తీసుకుంటారు. ఆలోపు పాలసీ మెచ్యూరిటీకి వచ్చినా, పాలసీదారు మరణించినా మాత్రం ఆ తేదీ వరకే లెక్క.

ఇతనికి కావాల్సింది ఏడు నెలలు, కాబట్టి ఆ షరతు తగల్లేదు. ఆరు నెలల వడ్డీ రూ.16,625, ఏడో నెలది రూ.2,771, మొత్తం రూ.19,396. ఇదే అవసరం రెండు నెలలదైతే పాలసీ మీద రూ.16,625 పోయేది, షేర్ల ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఫీజులతో కలిపి రూ.9,625తో పని అయిపోయేది. ఈ అంకెలతో చూస్తే దాదాపు నాలుగు నెలల దగ్గర రెండూ సమానమవుతాయి. నాలుగు నెలల లోపు తీరే అవసరానికి, పరిమితి అంచు దాకా పోకుండా ఉంటే, షేర్లది పైచేయి. ఆరు నెలలు, ఆపైన అయితే పాలసీది.

ఇందులో దాగి ఉన్న ప్రమాదం మార్కెట్ కాదు, మరుపు. నెలనెలా ఎవరూ గుర్తు చేయరు. వడ్డీ కట్టకపోతే ఆరు నెలలకోసారి అసలులో కలుస్తుంది. ఇతని పాలసీకి ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. మూడున్నర లక్షలు తీసుకుని పైసా కట్టకుండా వదిలేస్తే తొమ్మిదేళ్లకు బాకీ ఎనిమిది లక్షలు దాటుతుంది, అదంతా మెచ్యూరిటీ సొమ్ములో కోతే. ప్రీమియం కూడా ఆపేసి, బాకీ సరెండర్ విలువను మించిపోతే పాలసీనే మూసేస్తారు. ఏడు నెలలని తీసుకున్న అప్పు పాలసీ ముగిసేదాకా సాగిన కేసులు అరుదు కాదు. ఎఫ్‌డీ లాంటి తేదీ ఉన్న రాబడి లేకుండా "ఎలాగోలా సర్దుతాం" అనుకునేవాళ్లకు, ఖర్చు ఎక్కువైనా ఈఎంఐ ఉన్న లోనే మేలు. జీతంలోంచి దానంతట అదే కోత పడుతుంది, పాలసీ క్షేమంగా ఉంటుంది.

ఇంకో సంగతి. అప్పు ఉన్న కాలంలో పాలసీదారుకు ఏమైనా అయితే, క్లెయిమ్‌లోంచి అప్పూ వడ్డీ మినహాయించి మిగతాదే నామినీకి ఇస్తారు. ఎల్ఐసీకే తాకట్టు పెట్టినంత మాత్రాన నామినేషన్ రద్దు కాదు. ఇతనికి వేరుగా టర్మ్ పాలసీ ఉంది కాబట్టి ఆ ఏడు నెలలకు కుటుంబ భద్రతలో పెద్ద లోటు పడలేదు. ఆ టర్మ్ పాలసీ లేకపోతే ఈ సలహా ఇవ్వడానికి ఇంకాస్త ఆలోచించేవాళ్లం.

బాండు వెనక పేజీ

లెక్కలు తేలాయి, మూడున్నర లక్షలూ పాలసీ మీదే తీసుకోవాలని నిర్ణయమైంది. షేర్లను ముట్టుకోకుండా, ఆస్పత్రి బిల్లు పెరిగితే వాడుకునే రెండో ఆధారంగా ఉంచారు. దరఖాస్తు ఫారం, అసలు పాలసీ బాండు, గుర్తింపు పత్రం, రద్దు చేసిన చెక్కుతో బ్రాంచికి వెళ్లారు. అక్కడ ఆగిపోయింది.

బాండు వెనక పేజీ మీద, పదకొండేళ్ల కిందటి తేదీతో, ఒక బ్యాంకుకు అసైన్ చేసినట్టు, అంటే హక్కు రాసిచ్చినట్టు, ముద్ర ఉంది. అప్పట్లో గృహ రుణానికి అదనపు హామీగా పాలసీని అడిగారు. ఆ రుణం నాలుగేళ్ల కిందటే తీరిపోయింది, బాండు కూడా ఇంటికి వచ్చేసింది. కానీ పాలసీని తిరిగి అతని పేరుకు రాసి ఇవ్వడం, దాన్ని ఎల్ఐసీలో నమోదు చేయించడం ఎవరూ చేయలేదు. బాండు చేతిలో ఉన్నంత మాత్రాన పాలసీ తనది కాదు. రికార్డులో ఇంకా ఆ బ్యాంకే హక్కుదారు, కాబట్టి అప్పు అడిగే అధికారం ఇతనికి లేదు.

బ్యాంకు బ్రాంచికి వెళ్లి, లోన్ క్లోజర్ లెటర్ చూపించి, బాండు మీదే రీ అసైన్‌మెంట్ రాయించి, అధికారి సంతకం, ముద్ర వేయించుకోవాలి. తర్వాత దాన్ని ఎల్ఐసీకి నోటీసుతో ఇచ్చి నమోదు చేయించాలి. పాత శాఖ మరో శాఖలో కలిసిపోవడంతో ఫైలు దొరకడానికే అయిదు రోజులు పట్టింది. మొత్తం పన్నెండు రోజులు పోయాయి. ఆపరేషన్ తేదీకి ముందు రోజు ఖాతాలో డబ్బు పడింది. ఆస్పత్రి అడిగిన యాభై వేల అడ్వాన్సు సేవింగ్స్‌లోంచి కట్టారు. రెండు వారాల వెసులుబాటు లేకపోతే ఆ పన్నెండు రోజులకు పర్సనల్ లోన్ తీసుకోక తప్పేది కాదు, ఆరు ఈఎంఐల దాకా దాన్ని మూయడానికీ వీలుండేది కాదు.

అందుకని ఇలాంటి పాలసీ ఇంట్లో ఉన్నవాళ్లు అవసరం రాకముందే చూసుకోవాల్సినవి కొన్ని. బాండు వెనక ముద్ర ఉందా, ఉంటే దాని కింద రీ అసైన్‌మెంట్ ముద్ర, నమోదు తేదీ ఉన్నాయా? ఎల్ఐసీ పోర్టల్‌లో పాలసీ స్థితి, పాత అప్పు ఏదైనా మిగిలి ఉందా? బ్యాంకు ఖాతా నంబరు, పేరు రికార్డుతో కలుస్తున్నాయా? ఇంటిపేరు ముందు ఒకచోట, వెనక ఒకచోట ఉండటం మన దగ్గర మామూలే, డబ్బు జమ కావడం అక్కడ ఆగుతుంది.

మంజూరు పత్రంలో మొదటి వడ్డీ తేదీని ఫోన్‌లో గుర్తు పెట్టుకోమన్నాం. ఆ తేదీ పాలసీ తేదీని బట్టి వస్తుంది, అప్పు తీసుకున్న రోజు నుంచి లెక్కపెట్టి ఊహించకూడదు. వడ్డీని జీతంలోంచి గడువుకే కట్టారు. ఎఫ్‌డీలు రెండింటికీ గడువు తీరాక సొమ్ము సేవింగ్స్ ఖాతాకు రావాలన్న సూచన ఉందో లేదో ముందు నెలలోనే చూశాం. భార్య ఎఫ్‌డీకి ఆటో రెన్యువల్ అని ఉంది, మార్పించారు.

భర్త ఎఫ్‌డీ ముందు వచ్చింది, ఆ రోజే రూ.2,00,000 అసలుకు కట్టారు. మిగతా లక్షన్నర పదకొండు రోజుల తర్వాత భార్య ఎఫ్‌డీ రాగానే తీరింది. మొత్తం వడ్డీ రూ.19,800 దగ్గర ఆగింది. పర్సనల్ లోన్‌తో పోలిస్తే మిగిలింది దాదాపు రూ.29,000. అప్పు తీరిందని పోర్టల్‌లో చూసుకుని, బాండు కోసం మళ్లీ బ్రాంచికి వెళ్లారు. కౌంటర్ దగ్గరే వెనక పేజీ తిప్పి, ఈసారి వేసిన ముద్ర, తేదీ చదివి, ఫోటో తీసుకుని బయటికొచ్చారు.